తాళం వేసిన ఫ్లాట్‌కు 460 యూనిట్లా?

ప్రశ్న: మాది నెల్లూరు వేదాయపాళెం దగ్గర మూడంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్. నేను ఉద్యోగరీత్యా పూణెలో ఉంటాను. అద్దెకున్నవాళ్లు జనవరి 28న ఖాళీ చేశారు. వాళ్లున్నప్పుడు నెలకు నూట ఎనభై యూనిట్ల దాకా కాలేది. ఖాళీ అయ్యాక మా మామయ్య మెయిన్ స్విచ్ ఆపేసి తాళం వేశారు. మార్చిలో పదిరోజులు రంగులు వేయించాం, తర్వాత మళ్లీ ఆపేశాం. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ బిల్లులు నూటయాభై రూపాయల చొప్పున వస్తే ఫోన్‌లోనే కట్టేశాను. మే 5న వచ్చిన బిల్లులో ఒక్కసారిగా 460 యూనిట్లు, మూడున్నర వేలు దాటింది. పాత రీడింగ్ 6214, కొత్తది 6674. లైన్‌మన్‌ను అడిగితే "మీటర్ తిరిగింది, కట్టాల్సిందే" అన్నాడట. మే 17న మామయ్య మీటర్ ఫొటో పంపారు, అందులో 6689 ఉంది. మీటర్ చెడిపోయిందని నా అనుమానం. మార్పించమని అడగాలా? బిల్లు కట్టకుండా ఉంటే కరెంటు తీసేస్తారా? అద్దెకు రావడానికి ఒకరు సిద్ధంగా ఉన్నారు, టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైనది మీ మామయ్యగారు పంపిన ఆ ఫొటో. అది లేకపోతే నేను కూడా "మీటర్ టెస్ట్‌కు పెట్టండి" అని ఒక ముక్క రాసి ఊరుకునేవాణ్ని. ఇప్పుడు మాత్రం మీటర్ని అనుమానించే ముందు ఇంకో రెండు విషయాలను అనుమానించమంటాను.

ముందు మే 5 రీడింగ్ సంగతి. రీడింగ్ తీసే అబ్బాయి ఒక అంకె తప్పు కొట్టి ఉంటే, పన్నెండు రోజుల తర్వాత తీసిన ఫొటోలో బిల్లుకన్నా తక్కువ అంకె కనిపించేది. మీ ఫొటోలో 6689 ఉంది కాబట్టి 6674 అన్నది నిజం రీడింగే అయ్యుండాలి. "బిల్లులో రీడింగ్ తప్పు" అని రాసిస్తే ఆఫీసువాళ్లు మీటర్ దగ్గరికి వచ్చి చూసుకుని, సరిగ్గానే ఉందని మీ అర్జీ అక్కడితో మూసేస్తారు. ఈ వాదన వదిలేయండి.

అసలు ఆధారం ఆ పన్నెండు రోజుల్లో కాలిన పదిహేను యూనిట్లు. ఇంట్లో మెయిన్ ఆపేసి ఉందంటున్నారు. అయినా మీటర్ కదిలింది. పదిహేను యూనిట్లను పన్నెండు రోజుల గంటలతో, అంటే 288తో భాగిస్తే సగటున 52 వాట్లు వస్తుంది. రాత్రింబవళ్లు ఆగకుండా 52 వాట్లు తాగుతున్నది ఏమిటి? పక్కింటివాళ్ల మీటర్‌తో మీది తారుమారైందనుకుంటే అంత తక్కువ ఉండదు. ఫ్రిజ్, ఫ్యాన్లు ఉన్న ఇల్లు, అందులోనూ నెల్లూరు మే నెలలో, రోజుకు యూనిట్‌తో సరిపెట్టుకోదు. 52 వాట్లంటే రెండు మూడు మెట్ల లైట్లు, లేదా సీసీ కెమెరాల పెట్టె, దాని పక్కన ఇంటర్నెట్ రూటర్. కింద ప్యానెల్ బోర్డు దగ్గర మీ మీటర్‌కూ మీ ఇంటి మెయిన్‌కూ మధ్య ఎవరో అలాంటిదేదో కలిపి ఉంటారన్నది నా ఊహ. ఖాళీ ఫ్లాట్ మీటర్ అపార్ట్‌మెంట్‌లో అందరికీ చులకనే. కెమెరాలు బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ దగ్గర్లో దొరికిన వైర్‌కు తగిలించి పోతాడు, అసోసియేషన్‌వాళ్లకు కూడా తెలియకపోవచ్చు.

తేల్చుకోవడానికి పావుగంట చాలు. చాలా అపార్ట్‌మెంట్లలో కింద మీటర్ పక్కనే ఫ్లాట్‌కొక ఎంసీబీ, అంటే కరెంటు ఆపే చిన్న స్విచ్, ఉంటుంది. మామయ్యగారు మీ మీటర్ ఎంసీబీని దించి, వాచ్‌మన్‌తో కలిసి ఏది ఆగిపోయిందో చూడాలి. మెట్ల లైట్లు పోయినా, కెమెరాల తెర నల్లబడినా దొంగ దొరికినట్టే. ఏదీ ఆగకపోతే మీటర్ మీద మినుకుమనే ఎర్ర లైటు చూడండి. ఎంసీబీ దించాక అది ఆగిపోవాలి. పది పదిహేను నిమిషాలు చూసినా మినుకుతూనే ఉంటే రెండే కారణాలు: మీటర్‌కూ ఎంసీబీకీ మధ్య ఏదో తగిలించి ఉంది, లేదా లోడ్ లేకుండానే మీటర్ తిరుగుతోంది. ఈ రెండోదే మీటర్ జబ్బు. దాన్ని తేల్చాల్సింది డిపార్ట్‌మెంట్. మీటర్ మూత గానీ సీలు గానీ ముట్టుకోవద్దని మామయ్యగారికి గట్టిగా చెప్పండి. సీలు తెగిందంటే మీ అర్జీ పక్కకు పోయి మీ మీదే కేసు మొదలవుతుంది.

మీటర్ వేగంగా తిరుగుతోందా అన్నది కూడా ఇంట్లోనే ఒక మోస్తరుగా తెలుస్తుంది. మీటర్ ముఖం మీద 3200 imp/kWh అనో 1600 imp/kWh అనో రాసి ఉంటుంది. 3200 అంటే ఒక యూనిట్ కాలడానికి ఆ లైటు అన్నిసార్లు మినుకుతుందని. 1500 వాట్ల నీళ్ల హీటర్ రాడ్‌ను ముందు బకెట్లో ముంచి, ఆ తర్వాతే స్విచ్ వేసి, మిగతావన్నీ ఆపేస్తే 3200 మీటర్లో నిమిషానికి దాదాపు 80 సార్లు మినకాలి. వోల్టేజీ తక్కువుంటే డెబ్బైకి పడొచ్చు, దానికి కంగారక్కర్లేదు. నూటపాతిక, నూటయాభై కనిపిస్తే మాత్రం అర్జీలో ఆ మాట రాయవచ్చు.

ఇప్పుడు 460 దగ్గరికి వద్దాం. మే బిల్లు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వేశారో చూశారా? పాత రీడింగ్ 6214 జనవరి 5 నాటిది అయ్యుండాలి, ఎందుకంటే మధ్యలో వచ్చిన మూడు బిల్లులూ నూటయాభై చొప్పునే ఉన్నాయి. వాటిని బయటకు తీసి స్టేటస్ దగ్గర చూడండి. డోర్ లాక్ అని ఉంటుందని నా నమ్మకం. మీటర్లు కింద ఉన్నా, ఆ గదికి వాచ్‌మన్ తాళం వేసి ఊరెళితే డోర్ లాకే. అంటే 460 ఒక నెలది కాదు, నాలుగు నెలలది. అందులో మొదటి 23 రోజులు మీ అద్దెవాళ్లే ఉన్నారు. వాళ్ల లెక్కన రోజుకు ఆరు చొప్పున 138 యూనిట్లు. జనవరి 28 నుంచి మే 5 దాకా 97 రోజులు, రోజుకు ఒకటింపావు చొప్పున 121. రెండూ కలిపి 259. రంగులవాళ్లకు ఓ పదిహేను ఇరవై వేసుకున్నా ఇంకా 180 యూనిట్లకు లెక్క తేలదు.

ఆ 180 ఎక్కడివో తెలియాలంటే జనవరి 5 బిల్లు తీయండి. అద్దెవాళ్ల అలవాటు ప్రకారం అందులో నూట ఎనభై ఉండాలి. ఇరవయ్యో ముప్పయ్యో ఉంటే, ఆ నెల కూడా మీటర్ చూడకుండా రాశారన్నమాట. అప్పుడు డిసెంబరులో కాలినవి కూడా మీ మే బిల్లులోకి జారాయి. జనవరి బిల్లు మామూలుగానే ఉంటే మధ్యలో ఎవరో ఎక్కువ వాడారు: లిఫ్ట్ రిపేరుకో, పై అంతస్తు పనికో మీ లైన్ నుంచి కరెంటు లాగి ఉండవచ్చు. ఇది తేల్చే సాక్షి మీటర్ లోపలే ఉంది. చాలా ఎలక్ట్రానిక్ మీటర్లలో నెలాఖరు రీడింగులు వెనకటి కొన్ని నెలలవి నిల్వ ఉంటాయి, డిపార్ట్‌మెంట్ పరికరంతో వాటిని బయటకు తీయవచ్చు. మీరు అర్జీలో అడగాల్సిన వాటిలో మొదటిది ఇదే. మీటర్ మార్పించమని ముందే అడగొద్దని నేననేది అందుకే. పాత మీటర్ పోతే దానిలోని లెక్క కూడా పోతుంది.

ఇక డబ్బు. ఏ దొంగా దొరకకపోయినా, మీటర్ బంగారంలా ఉందని తేలినా, మీకు తగ్గాల్సినది ఒకటుంది. ఆంధ్రలో ఇళ్ల కరెంటుకు శ్లాబులు: మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు నాలుగున్నర, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. ఈ శ్లాబులు నెలకు పెట్టినవి. 460 యూనిట్లూ ఒకే నెలలో కాలాయంటే ఒక్క కరెంటు చార్జీయే 3133 రూపాయలు. అవే యూనిట్లను నాలుగు నెలలకు 115 చొప్పున పంచితే నెలకు 372, మొత్తం 1488. తేడా పదహారు వందల పైమాటే. అందులోంచి మీరు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లో కట్టినవి కూడా మినహాయించాలి. మీటర్లోని నెలవారీ లెక్క బయటికొచ్చి యూనిట్లన్నీ జనవరిలోనే కాలాయని తేలితే తగ్గింపు ఇంత ఉండదు, అది కూడా గుర్తుంచుకోండి. బిల్లులో ట్రూఅప్, ఇంధన సర్దుబాటు పేరుతో వచ్చే మొత్తం మాత్రం వేరే సంగతి. పాత కాలంలో ఆ సర్వీసు మీద వాడిన యూనిట్లకు కూడా అది వేస్తుంటారు కాబట్టి ఖాళీ ఫ్లాట్‌కైనా రావచ్చు. దాని మీద వాదన పెట్టుకుంటే అసలు విషయం మరుగున పడుతుంది.

లైన్‌మన్‌తో మాట్లాడి లాభం లేదు, పాపం అతని చేతిలో ఏమీ లేదు. మీటర్ విషయం సెక్షన్ ఆఫీసులో అసిస్టెంట్ ఇంజనీర్, అంటే ఏఈ గారిది. బిల్లు సవరణ ఈఆర్‌ఓ అనే విద్యుత్ రెవెన్యూ ఆఫీసులో అసిస్టెంట్ అకౌంట్స్ ఆఫీసర్ చేతిలో ఉంటుంది. అందుకే అర్జీ ఏఈ పేరున రాసి, ఒక ప్రతి ఈఆర్‌ఓకు ఇవ్వండి. ముందుగా 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుంటే ఆ నంబరును అర్జీలో వేయవచ్చు. ఫోన్ ఫిర్యాదు ఒక్కటే అయితే "పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చి ఆగిపోతుంది. కాగితం ఉండాలి. సర్వీసు ఇంకా బిల్డర్ పేరునో పాత యజమాని పేరునో ఉంటే మీ రిజిస్ట్రేషన్ కాగితం నకలు, మామయ్యగారికి మీరు రాసిచ్చిన అనుమతి ఉత్తరం జతచేయండి. లేకపోతే అక్కడే తిప్పి పంపుతారు.

ఇలా రాయండి, మీ వివరాలు వేసుకుని:

"అయ్యా, సర్వీసు నంబరు ఫలానా గల నా ఫ్లాట్ జనవరి 28 నుంచి ఖాళీగా ఉంది. జనవరి 5 తర్వాత మూడు నెలలు రీడింగ్ తీయకుండా బిల్లులు ఇచ్చి, మే 5న 6214 నుంచి 6674 వరకు 460 యూనిట్లకు ఒకే బిల్లు ఇచ్చారు. మే 17న మీటర్ రీడింగ్ 6689 (ఫొటో జతచేశాను). ఇంటి మెయిన్ ఆపి ఉన్నా మీటర్ కదులుతోంది. కాబట్టి: మీటర్లో నిల్వ ఉన్న నెలవారీ రీడింగులు తీసి నకలు ఇప్పించగలరు. ప్యానెల్ బోర్డులో నా మీటర్ కనెక్షన్‌ను, అది వేరే ఫ్లాట్‌కు గానీ కామన్ లైన్‌కు గానీ కలిసిందేమో తనిఖీ చేయించగలరు. మీటర్‌ను నా ప్రతినిధి సమక్షంలో పరీక్షించి రిపోర్టు ఇవ్వగలరు. 460 యూనిట్లను సంబంధిత నెలలకు పంచి, ఇప్పటికే కట్టిన మొత్తాలు మినహాయించి బిల్లు సవరించగలరు. ఇది తేలేవరకు సర్వీసు తొలగించవద్దని కోరుతున్నాను."

రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ఆఫీసు ముద్ర, సంతకం వేయించుకోవాలి. తీసుకోం అని వాళ్లంటే డెలివరీ రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. ఈ తేదీ ఎందుకు ముఖ్యమంటే, 2020లో వచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం రీడింగ్ మీద ఫిర్యాదు అందిన 30 రోజుల్లో మీటర్ పరీక్షించాలి. 2024లో ఇంకో వెసులుబాటు చేర్చారు: వాడకానికీ రీడింగ్‌కూ పొంతన లేదని ఫిర్యాదు చేస్తే ఐదు రోజుల్లో పక్కనే ఇంకో మీటర్ బిగించి కనీసం మూడు నెలలు పోల్చి చూడాలి. ఇది మీకెంతవరకు పనికొస్తుందన్నది ఆలోచించుకోండి. ఇకపై వచ్చే రీడింగ్ సరైనదా కాదా అన్నది అది తేలుస్తుంది. జరిగిపోయిన 460కి జవాబు చెప్పలేదు. ఇంటి పరీక్షలో మీటరే అనుమానాస్పదంగా కనబడితే రెండో మీటర్ అడగండి. కెమెరాల పెట్టె దొరికితే దాని అవసరమే లేదు.

పరీక్షకు వచ్చిన రోజు ఫ్లాట్ తాళం తీసి ఉండాలి. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. ఖాళీ ఇంట్లో లోడ్ లేకుండా మీటర్‌ను ఏం పరీక్షిస్తారు? అదే హీటర్ రాడ్డో, గీజరో సిద్ధంగా ఉంచమనండి. లోడ్ లేకుండా ఒకసారి, లోడ్‌తో ఒకసారి చూడమని అడగాలి. సీలు నంబరు, ఆనాటి రీడింగ్ రాసుకుని, నింపిన రిపోర్టు మీదే సంతకం పెట్టాలి. మీటర్ విప్పి ల్యాబ్‌కు తీసుకెళ్తే విప్పేటప్పటి రీడింగ్ ఫొటో, సీలు వేసిన పెట్టె ఫొటో మర్చిపోవద్దు.

కట్టాలా వద్దా అన్నారు. మూడు దారులున్నాయి. ఊరికే ఆపేస్తే పదిహేను రోజుల నోటీసు తర్వాత కనెక్షన్ తీసే హక్కు వాళ్లకుంది. ఖాళీ ఫ్లాటే కదా అనుకోవడానికి లేదు, మీకు కొత్తవాళ్లు సిద్ధంగా ఉన్నారు. మొత్తం కట్టేసి తర్వాత సర్దుబాటు అడిగితే మనశ్శాంతి ఉంటుంది, అర్జీ దగ్గర మాత్రం ఎవరికీ తొందర ఉండదు. ఎక్కువ కట్టినది వాపసు రాదు, తర్వాతి బిల్లుల్లో తగ్గిస్తారు. ఖాళీ ఫ్లాట్‌కు నెలకు నూటయాభై బిల్లులో అది తగ్గుతూ పోవడానికి ఏడాది పడుతుంది. మధ్య దారి విద్యుత్ చట్టం 2003లోని 56వ సెక్షన్ ఇచ్చింది: వివాదం తేలేవరకు, అడిగిన మొత్తం గానీ గత ఆరు నెలల సగటు చార్జీ గానీ, ఏది తక్కువైతే అది అభ్యంతరంతో డిపాజిట్ చేస్తే కరెంటు తీయకూడదు. మీ గత ఆరు బిల్లుల్లో మూడు అద్దెవాళ్లవి, మూడు నూటయాభైవి, కాబట్టి సగటు ఐదారు వందల దగ్గర ఉంటుంది. దీన్ని ఫోన్ యాప్‌లో కట్టడం కుదరకపోవచ్చు. అర్జీ ప్రతి పట్టుకుని ఈఆర్‌ఓకు వెళ్లి, అభ్యంతరంతో కడుతున్నట్టు రాసిచ్చి రసీదు తీసుకోవాలి. మామయ్యగారికి ఒక పూట తిరుగుడు తప్పదు. ఆయన ఓపికను బట్టి రెండోదో మూడోదో ఎంచుకోండి. మొదటిది మాత్రం నేనైతే చేయను.

కెమెరాల పెట్టె నిజంగా మీ మీటర్ మీదే ఉందని తేలితే లెక్క మారుతుంది. ఆ 121 యూనిట్ల గురించి కరెంటాఫీసు మీకు తగ్గించదు, మీటర్ దాటాక జరిగిన వాడకం మీ బాధ్యతే. అది అసోసియేషన్‌తో తేల్చుకోవాలి. ఫొటో తీసి, ఎలక్ట్రీషియన్‌తో ఆ వైరు తీయించి, అసోసియేషన్ గ్రూపులో మర్యాదగా లెక్క పెట్టండి. పోలీసు, దొంగతనం వంటి మాటలు మొదటి మెసేజ్‌లోనే వాడితే ఐదొందల కోసం పొరుగును పోగొట్టుకుంటారు. అద్దెవాళ్ల 138 యూనిట్ల సంగతి ఇంకా ఇబ్బంది. అడ్వాన్స్ తిరిగి ఇచ్చేసి ఉంటే ఫోన్ చేసి అడగడమే. శ్లాబు సవరించిన బిల్లు వచ్చాక, అందులో వాళ్ల భాగం చూపించి అడగండి. ఇప్పుడే మూడున్నర వేల బిల్లు చూపిస్తే ఫోన్ ఎత్తడం మానేస్తారు.

అర్జీకి నెల రోజుల్లో జవాబు రాకపోతే, లేదా నోటి జవాబుతో సరిపెడితే, మీ డిస్కం వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార ఫోరానికి ముద్ర పడిన ఆ ప్రతితో రాయండి. వకీలు అక్కర్లేదు. అక్కడా నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. పదహారు వందల రూపాయల శ్లాబు తేడాకు అంత దూరం వెళ్లాల్సి రాదనే అనుకుంటున్నాను. ఈఆర్‌ఓలో ఇలాంటి డోర్ లాక్ సవరణలు వాళ్లకు రోజూ ఉండే పనే.

కొత్తవాళ్లు దిగే రోజు తాళం చెవి ఇచ్చే ముందు వాళ్లను మీటర్ పక్కన నిలబెట్టి రీడింగ్ ఫొటో తీసి, ఇద్దరూ వాట్సాప్‌లో పంపుకోండి. వాళ్లు ఖాళీ చేసే రోజూ అంతే. ఈలోగా ఫ్లాట్ ఖాళీగా ఉన్నన్నాళ్లూ ప్రతి నెలా 5న మామయ్యగారు ఒక ఫొటో తీసి పెట్టుకోమనండి. వరుసగా రెండు నెలలు రీడింగ్ తీయడానికి వీలుపడకపోతే, తేదీ కనిపించేలా మీటర్ ఫొటోను రిజిస్టరైన ఫోన్ నుంచి మనమే పంపవచ్చని అవే నియమాలు చెబుతున్నాయి. ముందు ఆ మీటర్ గది తాళం చెవి ఇంకొకటి చేయించి వాచ్‌మన్ భార్య దగ్గర ఉంచమని అసోసియేషన్‌వాళ్లకు చెప్పండి.